కాళి పాదాల కింద శివుడు

వంగదేశంలో కార్తిక అమావాస్య రాత్రి పూజలందుకొనే దక్షిణకాళి మూర్తిలో దేవి నల్లని దేహంతో, విరబోసుకొన్న జుట్టుతో, మెడలో తెగిన తలల దండతో, చాచిన నాలుకతో నిలిచి ఉంటుంది. ఆమె కుడిపాదం వెల్లకిలా పడుకొన్న శివుని రొమ్ముపై మోపి ఉంటుంది. భర్తకు కాలు తగిలితేనే కళ్లకద్దుకొని మొక్కే ఇల్లాళ్లున్న సమాజంలో ఇంత సాహసమైన రూపం శతాబ్దాలుగా భక్తితో పూజలందుకొంటూ రావడానికి బలమైన కారణమే ఉండాలి. ఆ కారణాన్ని వెదకినవారిలో కొందరు ఇది పొరపాటున జరిగిన తప్పు అన్నారు, మరికొందరు స్త్రీ పురుషునిపై సాధించిన విజయం అన్నారు. ఈ రెండు మాటలూ వినడానికి సులువుగా ఉన్నా, మూర్తికి మూలమైన తంత్రగ్రంథం చెప్పేది వేరు.

కాళి పేరు వినగానే అందరికీ గుర్తొచ్చే గ్రంథం మార్కండేయ పురాణంలోని దేవీమాహాత్మ్యం. అందులో ఏడవ అధ్యాయంలో కోపంతో ముడిపడిన అంబిక కనుబొమల మధ్య నుంచి కాళి వెలువడి చండముండులను చంపి చాముండ అనే పేరు పొందుతుంది. ఎనిమిదవ అధ్యాయంలో రక్తబీజుని నెత్తురు ఒక్క చుక్కైనా నేల రాలితే మరో రాక్షసుడు పుడతాడు కనుక, ఆ నెత్తురంతా నోరు తెరిచి పట్టి తాగేస్తుంది. శివుడు ఆ యుద్ధంలో దేవి పంపిన దూతగా కనిపిస్తాడే కాని ఆమె పాదాల కింద ఎక్కడా లేడు. లింగపురాణం చెప్పే దారుకవధలో పార్వతి శివుని దేహంలో ప్రవేశించి, ఆయన కంఠంలోని విషంతో నల్లని రూపం ధరించి వెలువడి రాక్షసుణ్ణి చంపుతుంది. ఆ తరువాత ఆమె కోపాగ్నికి లోకం తల్లడిల్లుతుంటే శివుడు శ్మశానంలో పసిబిడ్డగా మారి ఏడుస్తాడు. దేవి ఆ బిడ్డను ఎత్తుకొని పాలు ఇస్తుంది, ఆయన పాలతోపాటు ఆమె కోపాన్ని కూడా తాగేస్తాడు. ఈ కథలో శివుడు కాళిని శాంతింపజేశాడు కాని ఆమె అడుగు కింద పడలేదు. కనుక ఈ మూర్తి పుట్టుక పురాణకథలో కాక మరోచోట ఉంది.

అది కాళీతంత్రంలో చెప్పిన ధ్యానంలో ఉంది. ధ్యానమంటే ఇక్కడ కళ్లు మూసుకొని ఊరకుండడం కాదు. పూజించే దేవతను తలనుంచి పాదాల వరకు ఒక్కొక్క అవయవంగా మనసులో నిలుపుకోవడానికి గురువు శిష్యునికిచ్చే రూపవర్ణన. నవద్వీపానికి చెందిన కృష్ణానంద ఆగమవాగీశుడు తన తంత్రసారంలో ఈ ధ్యానాన్ని చేర్చాడు. నేటి దక్షిణకాళి మూర్తికి ఆకారమిచ్చింది ఆయనే అని వంగదేశపు సంప్రదాయం నమ్ముతుంది. ఆ వర్ణన ప్రకారం దేవి ఎడమ చేతులలో కత్తి, అప్పుడే తెగిన తల ఉంటాయి. కుడి చేతులలో ఒకటి భయం వద్దంటుంది, మరొకటి వరమిస్తుంది. ఇంత భయంకరంగా వర్ణించిన ముఖమే ప్రసన్నంగా నవ్వుతున్నదని కూడా అదే ధ్యానం చెబుతుంది. ఆమె నిలిచిన చోటును చెప్పేటప్పుడు శవరూపంలో ఉన్న మహాదేవుని హృదయంపై నిలిచినదని స్పష్టంగా పేర్కొంటుంది. కాలు జారిందనీ, తెలియక తొక్కిందనీ, తరువాత సిగ్గుపడిందనీ అందులో లేదు. అది ఆమె ఆసనం, అంతే.

అయినా ఒడిశాలో, వంగదేశంలో ఇంటింటా వినబడేది మాత్రం సిగ్గు కథే. రాక్షసులను చంపిన మత్తులో దేవి ఆగకుండా నాట్యం చేస్తుంటే భూమి కంపించిందనీ, ఆమెను ఆపడానికి శివుడు దారికి అడ్డంగా పడుకొన్నాడనీ, తన పాదం భర్త రొమ్మును తాకిందని తెలియగానే ఆమె నాలుక కరచుకొన్నదనీ ఆ కథ. ఉషా మేనన్, రిచర్డ్ ష్వేడర్ భువనేశ్వర్‌లో చేసిన పరిశీలన 1994లో వెలువడింది. చాలామంది స్థానికులు ఆ నాలుకను రక్తదాహంగా కాక లజ్జగానే చూస్తున్నారని అందులో తేలింది. ఈ కథను తప్పని తోసేయడం న్యాయం కాదు. అంతులేని శక్తి గలది ఎవరి బలవంతమూ లేకుండా తనంతట తానే ఆగగలగడం గొప్ప సద్గుణమని అక్కడి గృహస్థులు ఆ నాలుకలో చదువుకొంటున్నారు. కాని మూర్తి అర్థమంతా దీనితోనే తీరదు. ధ్యానంలోని నాలుకకు, పెదవుల అంచుల నుంచి కారే నెత్తురుకు రక్తబీజవధతో ఉన్న సంబంధం ఎక్కడికీ పోదు. పైగా శివుణ్ణి దారికి అడ్డుపడ్డవానిగా మాత్రమే చూస్తే, తంత్రం ఆయనను ఆమెకు పీఠంగా ఎందుకు నిలిపిందో తెలియకుండా పోతుంది.

ఇది విజయమా, ఆసనమా అని తేల్చుకోవడానికి పాదం కింద ఉన్నవాని దేహాన్ని చూడడమే సరైన పద్ధతి. భారతీయ శిల్పంలో ఓడినవాణ్ణి తొక్కే రూపాలు చాలానే ఉన్నాయి. నటరాజు కాలి కింద అపస్మారుడు మరుగుజ్జు దేహంతో బోర్లా పడి, తల ఎత్తబోయి అణగిపోతూ ఉంటాడు. మహిషాసురమర్దిని పాదం కింద మహిషుని దేహం వంకర తిరుగుతుంది, శూలం అందులో దిగి ఉంటుంది. దక్షిణకాళి కింద శివునికి గాయం లేదు, పెనుగులాట లేదు, ముఖంలో నొప్పి లేదు. చేతులు వదులుగా చాచి, జటలతో, మూడో కంటితో తన గుర్తులన్నీ నిలుపుకొని, చాలా మూర్తులలో అరమోడ్పు కళ్లతో ఆమె వైపే చూస్తూ పడుకొని ఉంటాడు. రాణీ రాసమణి కట్టించగా 1855లో ప్రతిష్ఠ జరిగిన దక్షిణేశ్వర ఆలయంలో నల్లరాతి భవతారిణి కింద తెల్లని పాలరాతి శివుడున్నాడు, ఆయన కింద వెండి పద్మం పరిచి ఉంది. ఓడినవానికి ఎవరూ పద్మం పరచరు. పద్మం, దానిపై శివుడు, శివునిపై దేవి అన్న ఈ వరుస పూజాపీఠాన్ని నిర్మించే వరుస. పైగా కాళీతంత్ర ధ్యానం దేవిని మహాకాలునితో కూడి ఉన్నదానిగా కూడా వర్ణిస్తుంది. అందుకే కొన్ని చిత్రాలలో ఆమె కింద ఇద్దరు శివులు కనిపిస్తారు, ఒకడు కదలని శవం, మరొకడు మేల్కొన్నవాడు.

శాక్త దర్శనంలో శివుడు ప్రకాశం, అంటే అన్నిటినీ వెలిగించే నిశ్చల చైతన్యం. శక్తి విమర్శం, అంటే ఆ వెలుగు తన్ను తాను ఎరిగి సృష్టిగా కదలడం. శక్తి లేకపోతే శివుడు కదలనైనా లేడన్న భావంతోనే సౌందర్యలహరి మొదలవుతుంది. ఈ సిద్ధాంతాన్ని రెండు బొమ్మలతో చెప్పవలసి వస్తే, కదిలేదంతా పైనున్న రూపానికి, కదలనిదంతా కిందనున్న రూపానికి పంచిపెట్టాలి. కాళిమూర్తి చేసింది అదే. రంగులోనూ ఆ పంపకం కనిపిస్తుంది, రూపాలన్నిటినీ తనలో కలుపుకొనే నలుపు ఆమెది, ఏ రూపమూ అంటని తెలుపు ఆయనది. అయితే దీన్ని భార్య గొప్ప, భర్త తక్కువ అన్న కొలతగా మార్చకూడదు. కింద ఉన్నది లేకపోతే పైనున్నదానికి నిలిచే చోటు లేదు, పైనున్నది లేకపోతే కిందనున్నది శవమే. ఒకదాని లోటు మరొకదాని వల్లనే తీరుతుంది కనుకనే రెండిటినీ విడదీయకుండా ఒకే పీఠంపై నిలిపారు.

తెలుగు పాఠకులకు ఈ భావం పరాయిదేమీ కాదు. లలితా సహస్రనామం ప్రతి శుక్రవారం పారాయణం చేసే ఇళ్లలో పంచప్రేతాసనాసీనా అన్న నామం అలవాటుగా నోటికి వచ్చేస్తుంది. బ్రహ్మ, విష్ణువు, రుద్రుడు, ఈశ్వరుడు నాలుగు కోళ్లుగా, సదాశివుడు పలకగా అమరిన మంచంపై లలిత కూర్చొని ఉంటుందని దాని అర్థం. శక్తి తోడు లేనంతవరకు ఆ ఐదుగురూ కదలని ప్రేతాలే అని వ్యాఖ్యాతలు వివరిస్తారు. సౌమ్యమైన లలిత సదాశివునిపై కూర్చోవడానికీ, ఉగ్రమైన కాళి శివునిపై నిలబడడానికీ మధ్య ఉన్న భేదం భంగిమదే కాని సిద్ధాంతానిది కాదు. మొదటిదాన్ని ఆదరంగా విని రెండవదాన్ని చూసి ఉలిక్కిపడడం, చెవికి అలవాటైనదాన్ని కంటికి అలవాటు చేసుకోకపోవడం వల్లనే జరుగుతున్నది.

శవాన్ని ఆసనంగా చేసుకొన్న దేవత తెలుగునేల మీదా ఉంది. ఆలంపురంలో జోగులాంబ శవంపై కూర్చొని ఉంటుంది, ఆమె తలపై బల్లి, తేలు, కప్ప ఉంటాయి. ఇది చాముండ అనే ప్రాచీన రూపానికి దగ్గరి బంధువు. చాముండకు ప్రేతం, అంటే మామూలు మనిషి మృతదేహం, ఆసనంగా ఉండడం శిల్పంలో చాలా పాతది. శ్మశానదేవత పీఠం శవమే కావడం సహజం. ఆ పేరులేని శవం స్థానంలోకి వంగదేశపు తాంత్రికులు శివుణ్ణి తెచ్చారని చరిత్ర తీరును బట్టి అనుకోవచ్చు. ఆ ఒక్క మార్పుతో మృత్యువును తొక్కే దేవత, చైతన్యంపై నిలిచే దేవత అయింది. భయం పుట్టించే రూపం దర్శనశాస్త్రాన్ని బోధించే రూపంగా మారింది. అన్ని కాళిమూర్తులూ ఈ దారి పట్టలేదు. కోల్‌కతా కాళీఘాట్‌లో ప్రధానంగా కనిపించేది మూడు పెద్ద కళ్లు, పొడవైన బంగారు నాలుక గల ముఖం. ఓరుగల్లు భద్రకాళి ఎనిమిది చేతులతో కూర్చొని ఉంటుంది. వీటికి దక్షిణకాళి అర్థాన్ని యథాతథంగా అంటగట్టడం సరికాదు.

ఉపాసకునికి ఈ మూర్తి బోధించేది మరొకటి ఉంది. ధ్యానంలో దేవి నిలిచేది హృదయంపై అని చెప్పడం ఊరికే కాదు. అంతర్యాగం, అంటే పూజాద్రవ్యాలేవీ లేకుండా మనసులోనే చేసే పూజలో సాధకుడు తన గుండెనే పీఠంగా భావించి అక్కడ దేవిని నిలుపుకొంటాడు. అలా నిలుపుకోవడానికి ఆ గుండె మొదట కదలకుండా ఉండాలి. నేను చేస్తున్నాను, నాకు కావాలి అన్న కదలికలు ఆగిన మనసుకే శవమని పేరు, అందుకే మహాదేవుడు ఆ స్థితికి ఆదర్శంగా అక్కడ పడుకొన్నాడు. ధ్యానంలో మనసు నిలవనప్పుడు సాధకుడు సాధారణంగా దేవి ముఖాన్నో కత్తినో పట్టుకొని రూపాన్ని గట్టిపరచుకోవాలని చూస్తాడు. కాని లోపం పైరూపంలో లేదు, పీఠంలో ఉంది. పద్దెనిమిదవ శతాబ్దంలో వంగదేశంలో శ్యామాసంగీతం పాడిన రామప్రసాద్ సేన్ దీన్ని ఇంకాస్త ముద్దుగా పట్టుకొన్నాడు. ఆయన పాటల్లో శివుడు తొక్కబడ్డవాడు కాడు, అందరికన్నా ముందే ఆ పాదాలను గుండెకు హత్తుకొని దాచుకొన్న గడుసువాడు. ఇక తన వంతుకు ఏం మిగిల్చావని కవి తల్లితోనే తగవు పడతాడు.