అన్నీ అంటే ఏవేవి?

ట్రావెల్స్ ఆఫీసులో కరపత్రాలు రాసే పనిలో చేరిన కొత్తల్లో, కేదార్‌నాథ్ యాత్రకి నేనో వాక్యం రాశాను: “రవాణా, వసతి, భోజనం అన్నీ ప్యాకేజీలోనే.” అందులో అబద్ధమేమీ లేదనుకున్నాను. సోన్‌ప్రయాగ్‌లో బస్సు దిగిన ఒక పెద్దాయన ఫోన్ చేశారు. “ఏం బాబూ, గుడి ఇంకా ఇరవై కిలోమీటర్లుందట. జీపువాడు డబ్బులడుగుతున్నాడు, గుర్రంవాడూ అడుగుతున్నాడు. అన్నీ అంటే ఏవేవి?”

ఆయన అడిగిందే నిజం. యాత్ర బస్సులు సోన్‌ప్రయాగ్ దాటి వెళ్లవు. అక్కణ్ణించి గౌరీకుండ్‌కి సుమారు 5 కిలోమీటర్లు స్థానిక జీపులో పోవాలి. ఆపైన 16 కిలోమీటర్ల కొండదారి నడకే, లేదంటే గుర్రమో డోలీయో. నా ‘రవాణా’ ఎక్కడ ఆగిపోతుందో నేను రాయలేదు.

ఇప్పుడు ఆ కేదార్‌నాథ్ రోజుని ఇలా రాస్తాను: “సోన్‌ప్రయాగ్ వరకు బస్సు, తిరుగు ప్రయాణం అక్కడి నుంచే: ప్యాకేజీలో. సోన్‌ప్రయాగ్, గౌరీకుండ్ మధ్య జీపు, రానూపోనూ: మీ ఖర్చు. గౌరీకుండ్ నుంచి గుర్రం, డోలీ: మీ ఖర్చు. కేదార్‌నాథ్‌లో ఒక రాత్రి, నలుగురికి ఒక గది: ప్యాకేజీలో. పొద్దున టిఫిన్, రాత్రి భోజనం మావి. మధ్యాహ్నం దారిలో తినేది మీది.”

‘ప్యాకేజీలో లేనివి’ అంటూ చివరి పేజీలో సన్నటి అక్షరాల్లో పట్టీ వేసేవాళ్లం. అంతదాకా చదివేవాళ్లు తక్కువ. అందుకే మినహాయింపుని ఏ రోజుది ఆ రోజు పక్కనే పెడతాను. ‘వ్యక్తిగత ఖర్చులు’ అనే మాట మానేశాను. గుర్రం వ్యక్తిగతమా, కాదా అని కొండ కింద తగువు పడాల్సి వస్తుంది.

రాశాక యాత్రికుడిలా ఆ రోజంతా మనసులో తిరిగి వస్తాను. లేచింది మొదలు పడుకునేదాకా చెయ్యి జేబులోకి ఎక్కడెక్కడ వెళుతుందో చూస్తాను. వెళ్లిన ప్రతిచోటా కాగితం మీద ఒక మాట ఉండాలి. గుర్రం ధర మాత్రం సీజన్ సీజన్‌కీ మారుతుంది కాబట్టి అంకె ఖాయంగా వెయ్యను. “అక్కడి కౌంటర్ ధర” అంటాను.

ఒకటి మాత్రం చాలా ఆలస్యంగా నేర్చుకున్నాను. కొండచరియలు విరిగి దారి మూసుకుపోతే ఆ అదనపు రాత్రి ఎవరిది? “గది, భోజనం యాత్రికులే భరించాలి, బస్సుకి అదనంగా తీసుకోం” అని ఇప్పుడు రాస్తున్నాం. ఈ వాక్యం చూసి వెనక్కి వెళ్లినవాళ్లున్నారు. డబ్బు కట్టకముందే వెళ్లారు.

ఇప్పుడు ఫోన్లు సోన్‌ప్రయాగ్ నుంచి కాదు, ఇంటి నుంచి వస్తున్నాయి: “మా అమ్మ గుర్రం ఎక్కలేదండీ, డోలీకి విడిగా ఎంత పెట్టుకోమంటారు?”