పొలం దాకా వెళ్లే లెక్క

గ్రామీణ వీడియోలు తీసేవాళ్లు చాలామందే ఉన్నారు. ఆ వీడియోతో పనేమైనా జరిగిందా అని పట్టుబట్టి తేల్చుకున్నవాళ్లలో నాకు బాగా నచ్చింది డిజిటల్ గ్రీన్. 2006లో బెంగళూరులోని మైక్రోసాఫ్ట్ పరిశోధనశాలలో రికిన్ గాంధీ మొదలుపెట్టిన ప్రయత్నం అది. తర్వాత స్వచ్ఛంద సంస్థగా విడివడి ఆంధ్రప్రదేశ్‌లోనూ పనిచేసింది. ఊరి రైతే వీడియోలో మాట్లాడతాడు. సాయంత్రం చిన్న ప్రొజెక్టరుతో పదీ ఇరవై మందికి దాన్ని చూపిస్తారు. చూపించే మనిషి మధ్యమధ్య ఆపి ప్రశ్నలు అడుగుతాడు.

అసలు పనితనం ఆయన చేతిలోని ఫారంలో ఉంది. ఎవరు వచ్చారు, ఏం అడిగారు, ఎవరు చేసి చూస్తామన్నారు, తర్వాత ఎవరు నిజంగా చేశారు అన్నవి అందులో రాస్తారు. చూడటం, అడగటం, చేయటం ఒకే మనిషి పేరు మీద వరసగా కనిపిస్తాయి. కర్ణాటకలో జరిపిన తొలి అధ్యయనం 2009లో అచ్చయింది. మామూలు శిక్షణ పద్ధతితో పోలిస్తే కొత్త పద్ధతులు పాటించినవాళ్లు ఏడు రెట్లు పెరిగారని, పెట్టిన డబ్బుకు ఫలితం పది రెట్లు వచ్చిందని అందులో తేలింది. ఆ ఫారం లేకపోతే ఈ మాట అనడానికి ఆధారమే ఉండేది కాదు.

ఇదే పద్ధతిని గుంటూరు, ప్రకాశం వైపు మిరప రైతుల కోసం ఫేస్‌బుక్, వాట్సాప్ నడిపే ముగ్గురి జట్టుకు అన్వయించి చూద్దాం. ముందు త్రైమాసికం పైరును బట్టి నడవాలి. జులై నుంచి సెప్టెంబరు దాకా నారు, నాట్లు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పూత, పురుగు. ఆ తర్వాత కోతలు, కల్లాలు. 2021–22లో నల్ల తామర పురుగు పూతలో చేరి తోటలు ఎలా పాడుచేసిందో ఇక్కడ ఎవరినీ అడగక్కర్లేదు. కాబట్టి అక్టోబరు–డిసెంబరు లక్ష్యం ఒక్క వాక్యంలో: పూతకు ముందే రైతులు నీలి రంగు జిగురు అట్టలు పెట్టాలి.

'అక్టోబరులో లక్ష వ్యూస్' అని రాసుకుంటే చిక్కు. ఫేస్‌బుక్ మూడు సెకన్ల చూపును కూడా వీడియో వ్యూగానే లెక్కిస్తుంది. చూసినవాళ్లలో హైదరాబాదులో కూర్చున్న మన ఊరి పిల్లలు ఎంతమందో తెలియదు. గుంటూరు జిల్లా అని వడపోసినా 2022లో విడిపోయిన పల్నాడు, బాపట్ల మిరప పల్లెలు జారిపోతాయి. వ్యూస్ చూసుకోవద్దని కాదు. అవి వారంవారం పని సాగుతోందో లేదో చెబుతాయి, అంతవరకే.

లక్ష్యం ముడిపడాల్సింది వేరే అంకెకు. అక్టోబరు మొదటి వారంలో ప్రత్తిపాడు, మేడికొండూరు, ఫిరంగిపురం మండలాల్లో నూరుమంది మిరప రైతులకు ఫోన్ చేస్తారనుకుందాం. వాళ్లను పేజీ అనుచరుల నుంచి కాక, వేరే జాబితా నుంచి చీటీ తీసినట్టు ఎంచుకోవాలి. అనుచరులనే అడిగితే ఎప్పుడూ మంచి జవాబే వస్తుంది. అట్టలు పెట్టామన్నవాళ్లు పదిహేనుమంది తేలారు. డిసెంబరు చివరికి నూటికి నలభై ఐదు కావాలని రాసుకున్నారు. పని మాత్రం మూడు వాక్యాల్లో పంచుకున్నారు: వారానికి రెండు వీడియోలు ఒకరివి, వాట్సాప్ ప్రశ్నకు ఒక రోజులో జవాబు ఇంకొకరిది, ఫోన్లు, పొలం ఫొటోలు మూడోవారివి.

డిసెంబరులో మళ్లీ నూరుమందిని అడిగితే ముప్పై తొమ్మిది వచ్చింది. ముప్పై పెరగాల్సింది ఇరవై నాలుగు పెరిగింది, మార్కు 0.8. ఇంటెల్‌లో ఆండీ గ్రోవ్ అలవాటు చేసిన, 1999లో జాన్ డోయర్ గూగుల్‌కు తీసుకెళ్లిన, లక్ష్యాలకు మార్కులు వేసే పద్ధతి లెక్కన ఇది భేషైన మార్కే. గూగుల్‌లో 0.6, 0.7 వచ్చినా బాగా చేశారంటారు. పెద్ద లక్ష్యం పెట్టుకోవడమే అక్కడి ఉద్దేశం.

ఇక్కడే నేను మెచ్చే జట్టు ఇంకో అడుగు వేస్తుంది. తమ వాట్సాప్ గ్రూపులు లేని పెదనందిపాడు మండలంలోనూ అదే రెండు వారాల్లో నూరుమంది చొప్పున అడిగి ఉంచుకుంటుంది. అక్కడా మొదట పదిహేనే, ఇప్పుడు ఇరవై ఏడు. అంటే దుకాణాల వాళ్లు, వ్యవసాయ సిబ్బంది, పక్క పొలాన్ని చూసినవాళ్లు కలిసి పన్నెండు పెంచారు. జట్టు తనదని చెప్పుకోగలిగింది ఇంకో పన్నెండే, మార్కు 0.4. నూరేసి మందినే అడిగినప్పుడు పన్నెండు తేడా కూడా చీటీల ఎంపిక వల్లే రావచ్చు, అందుకే దాన్ని చాలా జాగ్రత్తగా చెప్పాలి. ఫేస్‌బుక్ వీడియో మండలం గట్టు దాటి పోకుండా ఎవరూ ఆపలేరు, అందువల్ల ఈ తేడా అసలు ప్రభావం కన్నా తక్కువే చూపి ఉండవచ్చు.

దిగుబడి ఎంత పెరిగిందని ఈ జట్టు రాసుకోదు. వాన, విత్తనం, ఎరువు, యార్డులో ధర దాని చేతిలో లేవు. అట్ట పెట్టారా లేదా అన్నది మాత్రం పొలం గట్టున నిలబడితే కనిపిస్తుంది. పెట్టామన్న ముప్పై తొమ్మిదిమందిలో పదిమంది పొలాలకు మూడోవారు వెళ్లి చూసి రావాలి. ఏడు చోట్లే కనిపిస్తే ఫోన్ అంకెను ఆ మేరకు తగ్గించుకోవాలి. పెదనందిపాడులో కూడా అలాగే చూడాలి, లేకపోతే పోలిక చెడుతుంది.

జనవరి నుంచి లక్ష్యం కల్లంలోకి మారుతుంది: కాయలు మట్టి మీద కాక పట్టాల మీద ఆరబెట్టడం. దాని మొదటి నూరు ఫోన్లు కోతలు ఊపందుకోకముందే, డిసెంబరు ఫోన్లతో పాటే అయిపోవాలి.