రోడ్డు ఎస్టిమేట్‌లో మట్టిపని లెక్కను సరిచూడటం

రోడ్డు ఎస్టిమేట్‌లో మట్టిపని పరిమాణం రెండు కొలతల నుంచి వస్తుంది: ఒకటి క్రాస్ సెక్షన్ల వైశాల్యం, రెండోది సెక్షన్ల మధ్య దూరం. పక్కపక్కనున్న రెండు సెక్షన్ల వైశాల్యాల సగటును వాటి మధ్య దూరంతో గుణిస్తే ఆ ముక్క ఘనపరిమాణం తేలుతుంది:

V = L × (A1 + A2) / 2

మన జాతీయ రహదారుల స్పెసిఫికేషన్లు కూడా మట్టిపనిని ఈ సగటు పద్ధతిలోనే కొలవమంటాయి. కటింగ్, ఫిల్లింగ్ పరిమాణాలను వేర్వేరు కాలమ్‌లలో రాయాలి. ఒకదానిలోంచి మరొకటి తీసేసి నికరం మాత్రమే చూపితే లెక్క చెడుతుంది. రెండింటి రేట్లు వేరు. పైగా తవ్విన మట్టి అంతా కట్టకు పనికి రాకపోవచ్చు.

ఒక ఉదాహరణ చూద్దాం. ఫార్మేషన్ వెడల్పు 10 మీటర్లు. కట్ట వాలు ఒక మీటరు ఎత్తుకు 2 మీటర్లు, కటింగ్ వాలు ఒకటికి ఒకటి. చైనేజి 0 వద్ద 1 మీటరు, 30 వద్ద 2 మీటర్లు, 60 వద్ద అర మీటరు ఎత్తున కట్ట పోయాలి. 90 వద్ద ఒక మీటరు లోతు తవ్వాలి. నేల అడ్డంగా సమతలంగా ఉందనుకుందాం.

ముందుగా సరిచూడవలసింది వైశాల్యాలు. అందుకు సూత్రం (b + s×d) × d. ఇందులో b వెడల్పు, s వాలు, d ఎత్తు లేదా లోతు. దీని ప్రకారం మూడు ఫిల్లింగ్ సెక్షన్లు వరుసగా 12, 28, 5.5 చదరపు మీటర్లు. కటింగ్ సెక్షన్ 11. ఎత్తు రెట్టింపైతే వైశాల్యం రెట్టింపును మించాలి. 12 పక్కన సరిగ్గా 24 కనిపిస్తే వాలు భాగాన్ని కొత్త ఎత్తుతో మళ్లీ లెక్కించలేదని అనుమానించాలి.

తర్వాత ముక్కల వారీగా ఘనపరిమాణం. 0 నుంచి 30 వరకు 600 ఘనపు మీటర్లు, 30 నుంచి 60 వరకు 502.5, మొత్తం 1,102.5. సెక్షన్ల దూరం సమానంగా ఉన్నచోట ఈ మొత్తాన్ని ఇంకో దారిలో సరిచూడవచ్చు. మొదటి, చివరి వైశాల్యాల్లో సగం, మధ్యవి పూర్తిగా తీసుకుని కూడితే 6 + 28 + 2.75 = 36.75. దాన్ని 30తో గుణించినా అదే 1,102.5 రావాలి. రాకపోతే ఏదో ఒక వరుసలో గుణకారమో కూడికో తప్పినట్టే.

లెక్క ఎక్కువగా తప్పేది 60 నుంచి 90 వరకు ఉన్న ముక్కలో. ఇక్కడ కట్ట ముగిసి కటింగ్ మొదలవుతుంది కాబట్టి మధ్యలో ఎత్తు సున్నా అయ్యే చోటును ముందు పట్టుకోవాలి. ఎత్తు, లోతుల మొత్తం 1.5 మీటర్లు, అందులో ఫిల్లింగ్ వాటా 0.5. ఆ నిష్పత్తిలో 30 మీటర్లను పంచితే సున్నా బిందువు 60 నుంచి 10 మీటర్ల దూరంలో, అంటే చైనేజి 70 వద్ద పడుతుంది. ఫిల్లింగ్ (5.5 + 0) / 2 × 10 = 27.5 ఘనపు మీటర్లు, కటింగ్ (0 + 11) / 2 × 20 = 110. ఈ బిందువును వదిలేసి రెండింటికీ పూర్తి 30 మీటర్లు వేస్తే ఫిల్లింగ్ 82.5, కటింగ్ 165 అవుతాయి. ఒకటి మూడింతలు, మరొకటి ఒకటిన్నర రెట్లు. పట్టుకునే గుర్తు తేలికైనదే: ఒకే ముక్కకు రెండు కాలమ్‌లలోనూ అంకె ఉండి, రెండు చోట్లా పూర్తి దూరమే రాసి ఉంటే ఆ వరుసను మళ్లీ లెక్కించాలి.

సగటు పద్ధతికి దాని పరిమితీ ఉంది. పక్క సెక్షన్ల ఎత్తుల్లో తేడా పెరిగేకొద్దీ అది అసలు కంటే ఎక్కువ చూపుతుంది. దీన్ని ప్రిస్మాయిడల్ సూత్రంతో తేల్చవచ్చు:

V = L × (A1 + 4Am + A2) / 6

Am అంటే మధ్య సెక్షన్ వైశాల్యం. దాన్ని రెండు వైశాల్యాల సగటుగా కాక, సగటు ఎత్తు నుంచి లెక్కించాలి. 30–60 ముక్కలో సగటు ఎత్తు 1.25 మీటర్లు, వైశాల్యం 15.625. పరిమాణం 480 ఘనపు మీటర్లు వస్తుంది. సగటు పద్ధతి 22.5 ఎక్కువ చూపింది. 0–30 ముక్కలో తేడా 10 మాత్రమే, ఎందుకంటే ఎత్తుల తేడా అక్కడ 1 మీటరు, ఇక్కడ 1.5. పొరపాటు ఎత్తుల తేడా వర్గంతో పెరుగుతుంది. అందుకే నేల ఉన్నట్టుండి మారే చోట మధ్యలో అదనపు సెక్షన్ తీసుకోవాలి.

నేల అడ్డంగా వాలి ఉంటే పై వైశాల్య సూత్రం పనికిరాదు. ఇవే వెడల్పు, వాలులతో, పదింట ఒకటి అడ్డవాలు ఉన్నచోట మధ్యరేఖ మీద ఎత్తు సున్నా అయినా, ఒక పక్క దాదాపు 1.6 చదరపు మీటర్ల ఫిల్లింగ్, మరో పక్క 1.4 చదరపు మీటర్ల కటింగ్ ఉంటాయి. అలాంటి సెక్షన్‌ను లెవెల్ బుక్ రీడింగులతో గీసి, రెండు వైశాల్యాలనూ విడివిడిగా కొలవాలి. మధ్యరేఖ ఎత్తులతో కట్టిన సున్నా బిందువునూ అక్కడ నమ్మకూడదు.