పరిశోధన ఉద్దేశాల పునర్లేఖనం: ఒక నమూనా ప్రతిపాదన విమర్శ

బత్తలపల్లిలోని ఆర్‌డీటీ ఆసుపత్రికి వచ్చిన హెచ్‌ఐవీ బాధితుల రికార్డుల ఆధారంగా విసెంటె ఫెర్రర్ కోహోర్ట్ అధ్యయనం జరిగింది. చాలామంది వ్యాధి ముదిరాకే ఆసుపత్రికి రావడం అందులో పరిశీలించిన విషయాల్లో ఒకటి. ఇదే అంశంపై ఒక విద్యార్థి ప్రతిపాదన రాస్తున్నట్లు ఊహించుకుందాం. అందులోని ఉద్దేశాలు ఇవి:

1. హెచ్‌ఐవీ బాధితుల పరిస్థితిని అధ్యయనం చేయడం.
2. 200 మందిని ప్రశ్నావళితో ఇంటర్వ్యూ చేయడం.
3. ప్రజల్లో అవగాహన పెంచడం.

మొదటి దానిలో 'పరిస్థితి' అంటే ఆరోగ్యమా, ఆదాయమా అన్నది తెలియదు. కాబట్టి పని ముగిసిందో లేదో చెప్పే వీలు లేదు. రెండోది అసలు ఉద్దేశమే కాదు, పద్ధతి. 200 మందితో మాట్లాడినా ఏ ప్రశ్నకూ జవాబు రాకపోవచ్చు. దీన్ని గుర్తించడానికి ఒక పరీక్ష ఉంది. ప్రశ్నావళికి బదులు కేస్ షీట్లు వాడినా ఉద్దేశం మారకూడదు. మారితే అక్కడ రాసింది పద్ధతే. మూడోది సేవా కార్యక్రమం. పరిశోధన ఫలితాలు దానికి ఉపయోగపడవచ్చు కానీ, అది ఈ పరిశోధన కనుగొనే విషయం కాదు.

ఇప్పుడు తిరగరాద్దాం. ముందుగా 'ఆలస్యం' అనే మాటకు కొలత కావాలి. మొదటిసారి వైద్యానికి వచ్చినప్పుడు సీడీ4 కణాలు ఘనపు మిల్లీమీటరుకు 350 కంటే తక్కువ ఉన్నా, ఎయిడ్స్ దశను సూచించే జబ్బు ఉన్నా ఆలస్యంగా వచ్చినట్లు పరిగణించే నిర్వచనం వాడుకలో ఉంది. దాని ప్రకారం:

1. ఎంచుకున్న రెండేళ్లలో ఆ ఆసుపత్రిలో కొత్తగా నమోదైన వయోజనుల్లో ఎంత శాతం మంది ఆలస్యంగా వచ్చారో నిర్ణయించడం.
2. ఆ శాతం స్త్రీ పురుషుల మధ్య, అక్షరాస్యులు నిరక్షరాస్యుల మధ్య ఎలా తేడాగా ఉందో పోల్చడం.

కేస్ షీట్ల నుంచి సమాచారం సేకరించడం, చికిత్స మొదలుకాక ముందు తీసిన సీడీ4 ఫలితాన్నే లెక్కించడం వంటివి 'పద్ధతి' అధ్యాయంలోకి వెళ్తాయి. ఈ చివరి షరతు ముఖ్యమైనది. మందులు వాడితే సీడీ4 సంఖ్య సాధారణంగా పెరుగుతుంది. అప్పటి ఫలితాన్ని లెక్కిస్తే ఆలస్యంగా వచ్చినవారు కూడా సకాలంలో వచ్చినట్లే కనిపిస్తారు.

రెండు హద్దులు గమనించండి. ఆసుపత్రికి అసలు రానివారు రికార్డుల్లో ఉండరు. కాబట్టి ఉద్దేశంలో 'జిల్లాలోని బాధితులు' అని రాయరాదు. అలాగే 'ఆలస్యానికి కారణాలు' అనీ రాయరాదు. నిరక్షరాస్యుల్లో శాతం ఎక్కువగా ఉన్నంత మాత్రాన నిరక్షరాస్యతే కారణమని రికార్డులు రుజువు చేయలేవు. 'సంబంధం ఉన్న అంశాలు' అన్నదే సరైన మాట.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: 'ధర్మవరం చేనేత కార్మికులను సర్వే చేసి వారి సమస్యలు తెలుసుకోవడం' అనే ఉద్దేశంలో పద్ధతిని వేరుచేసి, మిగిలినదాన్ని కొలవగలిగేలా తిరిగి రాయండి.