నాలుగు కొట్టి ఆరు రాయించుకున్నాడు

హిందూపురం నుంచి బెంగళూరుకు పనికి పోయివచ్చే కుర్రాళ్లు ఈమధ్య నన్ను గోల్ఫ్ గురించి అడుగుతున్నారు. మొన్న ధర్మవరం నుంచి ఒకతను ఫోన్ చేశాడు. "మైనస్‌లో ఉండేవాడు ఎట్ల గెలుస్తాడు సార్?" అన్నాడు. అడగాల్సిన ప్రశ్నే. క్రికెట్‌లో పరుగులు ఎన్ని ఎక్కువైతే అంత మంచిది. గోల్ఫ్‌లో షాట్లు ఎంత తగ్గితే అంత మంచిది.

ముందు పార్ సంగతి. మైదానంలో 18 హోల్స్ ఉంటాయి. బాగా ఆడేవాడు ఒక్కో హోల్‌లో బంతి వేయడానికి ఎన్ని షాట్లు పట్టాలో ముందే నిర్ణయించి ఉంచుతారు. అదే పార్. ఇందులో ఒక కిటుకుంది. గుంత చుట్టూ నున్నగా కత్తిరించిన పచ్చికను గ్రీన్ అంటారు. అక్కడ నెమ్మదిగా దొర్లించడానికి ఎప్పుడూ రెండు షాట్లు లెక్కలో ఉంటాయి. కాబట్టి పార్ 3 అంటే ఒక్క షాట్‌తో గ్రీన్ చేరాలి. పార్ 4 అయితే రెండింటితో, పార్ 5 అయితే మూడింటితో. పొడవైన హోల్‌కు పార్ ఎక్కువ ఉండేది అందుకే.

పార్ కన్నా ఒకటి తక్కువలో ముగిస్తే బర్డీ, రెండు తక్కువైతే ఈగిల్. ఒకటి ఎక్కువైతే బోగీ, రెండు ఎక్కువైతే డబుల్ బోగీ. బోగీ అనగానే చిన్నచూపు వద్దు. పార్ 72 మైదానంలో ప్రతి హోల్‌లోనూ బోగీ చేసినా మొత్తం 90 అవుతుంది. సరదాగా ఆడేవాళ్లలో 90 కొట్టినవాడు బాగా ఆడినట్టే.

ఇక మైనస్. కాలిఫోర్నియాలో తెలుగు ఇంట పుట్టిన సాహిత్ తీగల 2023లో ఫోర్టినెట్ ఛాంపియన్‌షిప్ గెలిచాడు. నాలుగు రోజులకు పార్ 288. అతను 267 కొట్టాడు. బోర్డు మీద మైనస్ 21 కనబడింది.

అతన్ని నేను ఎక్కువ గుర్తుపెట్టుకున్నది మాత్రం మరుసటి ఏటి ఒక డబుల్ బోగీ వల్ల. 2024 టూర్ ఛాంపియన్‌షిప్, అట్లాంటాలోని ఈస్ట్ లేక్ మైదానం, మూడో రోజు, మూడో హోల్, పార్ 4. బంతి ఇసుక గుంటలో పడింది. అక్కడ కొట్టే ముందు బ్యాట్‌ను వెనక్కి ఎత్తేటప్పుడు (గోల్ఫ్‌లో దాన్ని క్లబ్ అంటారు) అది ఇసుకను తాకకూడదు. తాకితే రెండు షాట్ల పెనాల్టీ. నాలుగు రేణువులు కదిలాయేమోనని సాహిత్‌కే అనిపించింది. తనే వెళ్లి అధికారులకు చెప్పాడు. కొట్టింది నాలుగే, అంటే పార్. పెనాల్టీ కలిసి ఆరైంది. ఆ రోజు మిగతా ఆటంతా బాగా ఆడి 66తో ముగించాడు.

చివరికి అతనికి మూడో స్థానం దక్కింది. రెండో స్థానం కొలిన్ మోరికావాది. ఇద్దరి మధ్య తేడా రెండు షాట్లు.