రొట్టెల కొట్టులో అవతలి మాట

ఫ్రెంచ్ నేర్చుకోవడం మొదలుపెట్టినవాళ్లను ఏ పాఠ్యపుస్తకమైనా త్వరలోనే బేకరీకి తీసుకెళ్తుంది. ఆ పాఠంలో కొనేవాళ్ల వాక్యాలు బోలెడుంటాయి, అమ్మే మనిషి మాత్రం పొదుపుగా మాట్లాడుతుంది. నిజం కొట్టులో తీరు తలకిందులు. మన వంతు నాలుగైదు మాటలు. ప్రశ్నలన్నీ కౌంటరు అవతల నుంచే వస్తాయి, అదీ గబగబా. అందుకే, ఫ్రాన్సులో చదువులకు బయల్దేరే పిల్లలకు హైదరాబాద్‌లో ఈ పాఠం చెప్పేటప్పుడు పుస్తకం మూయించేసి, అమ్మే మనిషి వేషం నేనే వేస్తాను.

మేం ఆడే సంభాషణ ఇది. అరసున్న ఉన్నచోట గాలి ముక్కులోంచి పోవాలి, చివర ‘న్’ వినపడకూడదు.

— బోఁజూర్ మదామ్.
— బోఁజూర్!
— యూన్ త్రదిస్యోఁ బ్యాఁ క్వీత్, సిల్ వూ ప్లే.
— వ్వాలా. ఎ అవెక్ ససి?
— దో క్రువసాఁ ఎ దో జెక్లేర్ ఓ షొకొలా.
— స స్రా తూ?
— వీ, స స్రా తూ, మెర్సి.
— నెఫ్ స్వసాఁత్ దిస్.
— పార్ కార్త్, సిల్ వూ ప్లే.
— మెర్సి, బొన్ జూర్నే!
— మెర్సి, వూ జోసి. ఓ ర్వార్.

నమస్కారం పెట్టి, బాగా కాలిన త్రదిస్యోఁ రొట్టె ఒకటి అడిగాం. ఆమె ఇచ్చి ‘ఇంకేమైనా?’ అంది. రెండు క్రువసాఁలు, రెండు చాక్లెట్ ఎక్లేర్లు తీసుకున్నాం. ‘అంతేనా?’ అంటే ‘అంతే’ అన్నాం. కార్డుతో డబ్బు కట్టి సెలవు తీసుకున్నాం. జరిగింది ఇంతే.

మొదటి ‘బోఁజూర్’ని మావాళ్లు తేలిగ్గా తీసుకుంటారు. మన బేకరీలో అద్దాల బీరువా వైపు వేలు చూపించి ‘అన్నా, రెండు పఫ్‌లు’ అంటే ఎవరూ తప్పు పట్టరు. అక్కడ అలా నడవదు. పలకరించకుండా అడిగితే ఆమె పనిమాలా ‘బోఁజూర్’ అని, మనం తిరిగి అనేదాకా ఆగే అవకాశం ఉంది. పొద్దు వాలాక అదే ‘బోఁస్వార్’ అవుతుంది, వెళ్లేటప్పటి ‘బొన్ జూర్నే’ కాస్తా ‘బొన్ స్వారే’ అవుతుంది. పలకరింపు అయ్యాక ‘జ వూద్రే’తో వాక్యం మొదలుపెట్టినా బాగుంటుంది. కావలసిన వస్తువు పేరు చెప్పి ‘సిల్ వూ ప్లే’ అన్నా మర్యాదే. ‘నాకు కావాలి’ అనే ‘జ వో’ మాత్రం దబాయించినట్టుంటుంది.

ఇక త్రదిస్యోఁ సంగతి. అది ముద్దుపేరు కాదు, వెనక చట్టం ఉంది. 1993 సెప్టెంబరులో వచ్చిన ఉత్తర్వు ప్రకారం ఆ పేరుతో అమ్మే రొట్టెకు పిండి, నీళ్లు, ఉప్పు, ఈస్టు లేదా పులిసిన పిండి ఉండాలి. కొద్దిపాటి చిక్కుడు జాతి గింజల పిండి, సోయా పిండి, మొలకల గోధుమ పిండి కలపడానికి మాత్రం వీలిచ్చారు. ముద్దను ఏ దశలోనూ గడ్డకట్టించకూడదు. ఉత్త ‘యూన్ బగెత్’ అంటే వచ్చే మామూలు రొట్టెకు పదార్థాల విషయంలో ఇంత కట్టుబాటు లేదు, ధరా కాస్త తక్కువే. బల్ల వెనక రెండూ పక్కపక్కనే నిలబెట్టి ఉంటాయి. సాధారణంగా త్రదిస్యోఁ కొసలు సన్నగా, పైన పిండి చల్లినట్టుగా ఉంటుంది. ‘బ్యాఁ క్వీత్’ అంటే ఆమె వెనక్కి తిరిగి ముదురు గోధుమరంగున్నది ఏరుతుంది. దాన్ని నొక్కితే పెంకు పటపటమంటుంది. ‘పా త్రో క్వీత్’ అంటే లేత రంగుది, మెత్తనిది. అక్కడివాళ్లు చాలామంది ఈ రెండోదే అడుగుతారు. నా ఓటు మొదటిదానికే, రుచంతా ఆ మాడీ మాడని పెంకులో ఉంది.

పిల్లలు ఎక్కువగా భయపడేది ‘అఁ’, ‘యూన్’ల దగ్గర. బగెత్, త్రదిస్యోఁ స్త్రీలింగం కాబట్టి యూన్. క్రువసాఁ, ఎక్లేర్ పుంలింగం కాబట్టి అఁ. తప్పుగా అన్నా రొట్టె చేతికొస్తుంది, కాబట్టి దానికి నిద్ర మానుకోనక్కర్లేదు. రెండేసి కొంటే ఆ బెడదా ఉండదు, అంకెకు లింగం లేదు.

అయితే ఆ అంకె దగ్గరే అసలు గొయ్యి ఉంది. ఫ్రెంచ్‌లో బహువచనపు ‘స్’ పలకరు. ఒక క్రువసాఁ అన్నా, పది క్రువసాఁ అన్నా ఆ మాట ఒక్కలాగే వినిపిస్తుంది, ఎన్నో చెప్పే భారమంతా అంకె మీదే. రెండుకు నేను ‘దో’ అని రాశాను గానీ తెలుగు లిపిలో ఆ అచ్చు లేదు. పెదాలు ‘ఓ’కి పెట్టినట్టు గుండ్రంగా పెట్టి, లోపల నాలుకతో ‘ఏ’ అనాలి. మన నాలుక దాన్ని ‘దూ’ చేసేస్తుంది. క్రువసాఁల దగ్గర దానివల్ల నష్టం లేదు. తర్వాతి మాట అచ్చుతో మొదలైతేనే చిక్కు, అప్పుడు ‘దో’ చివర దాగిన ‘జ్’ బయటికొచ్చి ‘దో జెక్లేర్’ అవుతుంది. ‘దూ జెక్లేర్’ అన్నారా, అది పన్నెండు ఎక్లేర్లు! పన్నెండును వాళ్లు ‘దూజ్’ అంటారు మరి. ఆమె పెద్ద అట్టపెట్టె అందుకుంటే వెంటనే రెండు వేళ్లు చూపించండి. ఫ్రెంచ్‌వాళ్లు బొటనవేలితో లెక్క మొదలుపెడతారు కనుక బొటనవేలు, చూపుడువేలు.

అవతలి మాటల్లో ముందు చెవికి అలవాటు కావాల్సింది ‘ఎ అవెక్ ససి?’. కొందరు ‘అవెక్ సా?’ అంటారు. అర్థం కాక నవ్వుతూ నిలబడితే వెనక వరుస పెరుగుతుంది. జవాబు రెండే రకాలు: ఇంకో వస్తువు పేరు, లేదా ‘స స్రా తూ’. ధర దగ్గర మరో మెలిక ఉంది. నేను ఊహించిన లెక్కలో త్రదిస్యోఁ 1.30 యూరోలు, క్రువసాఁలు 1.20 చొప్పున, ఎక్లేర్లు 3 చొప్పున, మొత్తం 9.70. డెబ్బైకి ఫ్రాన్సులో విడిగా మాట వాడరు, అరవై-పది అంటారు. ‘స్వసాఁత్’ వినగానే చిల్లర ఏరడం మొదలుపెడితే పది సెంట్లు తగ్గుతాయి. గల్లాపెట్టె తెర మీద అంకె చూసుకోవడంలో నామోషీ లేదు.

మరో మాట కూడా కౌంటరు అవతలి నుంచే వస్తుంది, పుస్తకాల్లో ఆలస్యంగా కనిపిస్తుంది. సాయంత్రం వెళ్లి త్రదిస్యోఁ అడిగితే ఆమె ‘యా ప్లూ’ అనవచ్చు. ‘ప్లూ’ అంటే ‘ఇంకా’ అని పాఠంలో చదివినవాళ్లు ఇంకా ఉందనుకుని ఆనందపడతారు. ఆమె చెప్పింది అయిపోయిందని. నిషేధాన్ని తెలిపే ‘న’ను మాట్లాడేటప్పుడు మింగేస్తారు, చివరి ‘స్’ పలక్కపోవడమే మిగిలిన గుర్తు. అప్పుడు అనాల్సింది: ‘అలోర్, యూన్ బగెత్, సిల్ వూ ప్లే.’