అపునరుక్తాక్షర పదాల సేకరణ: ఉద్దానం ఊరిపేర్ల ఆధారంగా ఒక పరిశీలన

ఉపోద్ఘాతం:

ఏ అక్షరమూ రెండోసారి రాని పదాన్ని ఆంగ్లంలో ఐసోగ్రామ్ అంటారు. తెలుగులో దీనిని అపునరుక్తాక్షర పదం అనవచ్చు. పదక్రీడలలో ఇటువంటి పదాల అవసరం తరచుగా కలుగుతుంది. ఒకరు ఒక పదాన్ని మనసులో దాచుకుంటారు. మరొకరు వేరే పదాలు చెబుతూ, వాటిలో ఎన్ని అక్షరాలు కలిశాయో తెలుసుకుంటూ దాచిన పదాన్ని పట్టుకుంటారు. దాచిన పదంలో ఒకే అక్షరం రెండుచోట్ల ఉంటే 'ఒకటి కలిసింది' అన్న సమాధానం ఏ చోటికి వర్తిస్తుందో తెలియదు. అందుచేత ఈ క్రీడకు 'ఇన్ని అక్షరాలు ఉండాలి, ఏదీ పునరుక్తం కారాదు' అన్న నియమం పెడతారు.

ఆంగ్లంలో ఈ నియమానికి వ్యాఖ్యానం అక్కరలేదు. 'అన్‌కాపీరైటబుల్' అన్న ఆంగ్ల పదంలో పదిహేను లిపిచిహ్నాలు ఉన్నాయని, ఏదీ మళ్ళీ రాలేదని ఎవరైనా లెక్కించి చెప్పగలరు. తెలుగులో మాత్రం లెక్కకు ముందే ఒక ప్రశ్న ఎదురవుతుంది. పునరుక్తం కాకూడనిది ఏది? గుణింతంతో కూడిన పూర్తి అక్షరమా, హల్లా, కంప్యూటర్ నిక్షిప్తం చేసే సంకేతమా? శ్రీకాకుళం జిల్లాలోని పలాస, టెక్కలి, ఉద్దానం ప్రాంతపు పేర్లను ఉదాహరణగా తీసుకుని ఈ ప్రశ్నను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

పరిశీలనకు తీసుకున్న పేర్లు:

పలాస, టెక్కలి, ఉద్దానం, కవిటి, కంచిలి, మందస, బారువ, సోంపేట, నందిగాం అన్నవి మూడక్షరాల పేర్లు. హరిపురం, పాతపట్నం, శ్రీకాకుళం, ఇచ్ఛాపురం, కాశీబుగ్గ నాలుగక్షరాలవి. భావనపాడు, సంతబొమ్మాళి, మెళియాపుట్టి అయిదక్షరాలవి. వజ్రపుకొత్తూరు ఆరక్షరాలది. మొత్తం పద్దెనిమిది. ఛందస్సులో గణవిభజనకు లెక్కించే పద్ధతినే ఇక్కడ అనుసరించడం జరిగింది. సున్న, ఒత్తు తమ అక్షరంలోనే అంతర్భాగాలు. గళ్ళ నుడికట్టులో ఒక్కొక్క గడిలో రాసేది కూడా ఈ అక్షరాన్నే.

పూర్తి అక్షరం ప్రమాణమైతే:

గుణింతంతో సహా పూర్తి అక్షరాన్ని ప్రమాణంగా తీసుకుంటే ఈ పద్దెనిమిది పేర్లూ నియమానికి లోబడతాయి. 'శ్రీకాకుళం'లో కా, కు వేర్వేరు అక్షరాలు. 'హరిపురం'లో రి, రం వేర్వేరు. ఏ పేరునూ తొలగించలేని నియమం పేరుకే నియమం. హల్లులకు గుణింతాలు, ఒత్తులు, సున్నలు చేరి వందలాది అక్షరాలు ఏర్పడే లిపిలో, చిన్న పదంలో అదే అక్షరం యథాతథంగా మళ్ళీ రావడం అరుదు. పైగా ఊహించే వ్యక్తికి ఈ ప్రమాణం వల్ల అన్యాయం జరుగుతుంది. అతడు 'ర' అన్నప్పుడు దాచిన పదంలో 'రి' ఉన్నా 'కలవలేదు' అన్న సమాధానమే వస్తుంది.

కంప్యూటర్ సంకేతం ప్రమాణమైతే:

పెద్ద పదజాబితా నుండి ఏరవలసి వచ్చినప్పుడు కంప్యూటర్‌ను ఆశ్రయించడం సహజం. యూనికోడ్‌లో హల్లు, గుణింతపు గుర్తు, పొల్లు గుర్తు, సున్న వేర్వేరు సంకేతాలు. 'పలాస' అంటే ప, ల, దీర్ఘం, స అని నాలుగు సంకేతాలు. 'టెక్కలి' ఏడు సంకేతాలు. కాబట్టి నాలుగక్షరాల పదాలు కావాలని సంకేతాల లెక్కతో అడిగితే మూడక్షరాల పలాస, మందస వస్తాయి. నిజంగా నాలుగక్షరాలున్న కాశీబుగ్గ రాదు. దానిలో తొమ్మిది సంకేతాలున్నాయి.

నిడివిని పక్కన పెట్టి పునరుక్తిని మాత్రమే చూసినా ఫలితం సరిగా ఉండదు. 'టెక్కలి', 'ఉద్దానం' ద్విత్వం వల్ల పోతాయి. 'కవిటి', 'కంచిలి' గుడి రెండుసార్లు వచ్చినందుకు పోతాయి. 'నందిగాం' రెండు సున్నల వల్ల, 'భావనపాడు' రెండు దీర్ఘాల వల్ల పోతాయి. పద్దెనిమిదింటిలో పలాస, మందస, బారువ, సోంపేట, ఇచ్ఛాపురం అనే అయిదు మాత్రమే మిగులుతాయి. తెలుగు చదువరి ఎవరూ 'కవిటి'లో అక్షరం పునరుక్తమైందని అనరు. జాబితాలో ద్విత్వమున్న పదం ఒక్కటీ కనబడకపోతే ఈ దోషం జరిగిందని గుర్తించవచ్చు.

ప్రాస చూపే ప్రమాణం:

పై రెండింటికీ మధ్యస్థమైన ప్రమాణం మన ఛందస్సులోనే ఉంది. ప్రాసస్థానంలో హల్లు ఒకటే కావాలి, దానిపై అచ్చు మారవచ్చు. అక్కడ సంయుక్తాక్షరం ఉంటే ఆ సంయుక్తమే అన్ని పాదాలలోనూ రావాలి. అంటే 'క', 'కు' ఒకటే. 'జ్ర', 'ర' ఒకటి కావు. చిత్రకవిత్వంలోని ఏకాక్షరి కూడా ఒకే హల్లును వేర్వేరు అచ్చులతో వాడి దానిని ఒకే అక్షరంగా పరిగణిస్తుంది. అక్షరసామ్యాన్ని అచ్చుతో నిమిత్తం లేకుండా చూడడం సంప్రదాయానికి కొత్త కాదు.

ఈ ప్రమాణంతో నాలుగక్షరాల పేర్లను చూస్తే 'హరిపురం'లో ర, 'పాతపట్నం'లో ప, 'శ్రీకాకుళం'లో క పునరుక్తం. ఈ మూడూ తొలగి ఇచ్ఛాపురం, కాశీబుగ్గ మిగులుతాయి. 'వజ్రపుకొత్తూరు'లో వ, జ్ర, ప, క, త్త, ర అనే ఆరు ప్రమాణాలూ భిన్నమే కనుక అది నిలుస్తుంది. సంయుక్తాన్ని విడదీసి హల్లులను విడివిడిగా లెక్కిస్తే 'జ్ర'లోని రేఫ వల్ల అదీ పోయేది. మొత్తం పద్దెనిమిదింటిలో పదిహేను నిలిచాయి, మూడు సకారణంగా తొలగాయి.

ఈ ప్రమాణాన్ని కంప్యూటర్‌కు ఇలా చెప్పవచ్చు:

```python
import re
A = re.compile(
  '((?:[\u0c15-\u0c39]\u0c4d)*[\u0c15-\u0c39]'
  '|[\u0c05-\u0c14])'
  '[\u0c3e-\u0c4d]?[\u0c01-\u0c03]?')
def ok(w, n):
    u = A.findall(w)
    return len(u) == n == len(set(u))
```

మొదటి కుండలీకరణంలో హల్లు, సంయుక్తం, లేదా పదాదిలోని అచ్చు చిక్కుతుంది. గుణింతం, సున్న అక్షరంలో చేరుతాయి కాని పోలికలోకి రావు. సిద్ధంగా దొరికే అక్షరవిభజన సాధనాలను వాడేవారు వాటి సంచికను గమనించాలి. 2023లో వెలువడిన యూనికోడ్ 15.1 నుండే తెలుగు సంయుక్తాలను విడదీయని సూత్రం చేరింది. అంతకు ముందటి సూత్రాలను పాటించే సాధనం 'టెక్కలి'ని నాలుగు ముక్కలు చేస్తుంది. కొత్త సాధనాన్ని ముందుగా ఈ ఒక్క పదంతో పరీక్షిస్తే చాలు.

పరిమితులు:

ప్రాసలో సున్నకు కూడా విలువ ఉంది. పై సూత్రం దానిని విస్మరిస్తుంది. అన్యదేశ్యాలలో ఒత్తు పడకుండా పొల్లును నిలిపే అదృశ్య సంకేతం ఉంటే ఆ పొల్లు హల్లు వేరే అక్షరంగా లెక్కకు వస్తుంది. వీటికంటే ముఖ్యమైనది ఆధార నిఘంటువు. 1885 నాటి 'శబ్దరత్నాకరము' వంటి నిఘంటువులలో పదాలు ముకారాంతంగా ఉంటాయి. 'మందారం' మూడక్షరాల అపునరుక్త పదం. 'మందారము' నాలుగక్షరాలదై, మకార పునరుక్తితో తొలగిపోతుంది. మకారంతో మొదలయ్యే ఇటువంటి పదాలన్నింటికీ ఇదే గతి. అందువల్ల ఏరడానికి ముందే పదాలను ఏ రూపంలో ఉంచాలో నిర్ణయించుకోవాలి.

ముగింపు:

అపునరుక్తాక్షర పదాల జాబితాలో ఏ పదాలు చేరుతాయన్నది భాషలోని పదాలతో పాటు అక్షరానికి ఇచ్చిన నిర్వచనంపైన కూడా ఆధారపడి ఉంటుంది. అవే పద్దెనిమిది పేర్లకు పద్దెనిమిది, అయిదు, పదిహేను అని మూడు సమాధానాలు వచ్చాయి. గడిని నింపడానికి పూర్తి అక్షరం, పునరుక్తిని తేల్చడానికి ప్రాసాక్షరం ప్రమాణాలుగా పెట్టుకోవడం తెలుగుకు తగిన పద్ధతి. ఏ జాబితా ఇచ్చినా అది ఏ ప్రమాణంతో ఏరినదో మొదటి పంక్తిలోనే చెప్పాలి. అది చెప్పని జాబితాలో 'టెక్కలి' ఎందుకు లేదో, 'హరిపురం' ఎందుకు ఉందో పరిశీలకుడు నిర్ణయించలేడు.